నిజంలాంటి బొమ్మా? నిజమైన బొమ్మా?

గీతబొమ్మ ఎంత బాగున్నా అది బొమ్మేనట. దాన్ని నిజమైన మనిషిలా మార్చి చూపగల యంత్రం చేతికి వచ్చిన తర్వాత కూడా చిత్రకారుని గీతలనే పట్టుకుని వేలాడటం వెనుకబాటుతనమట. జగిత్యాల జిల్లా మల్లాపూర్‌లో ఒక కథల పుస్తకానికి ముఖచిత్రం సిద్ధమవుతున్న రోజుల్లో కొందరు మిత్రులు నాతో ఈ వాదమే చేశారు. వాస్తవికత కోసం ఇన్నేళ్ళుగా వాదించిన మనమే వాస్తవంగా కనిపించే బొమ్మను కాదనటం ఏమి న్యాయమని వారు నన్ను నిలదీశారు. వారు అడిగినదాంట్లో నిజాయితీ వుంది. కనుక జవాబు కూడా నిజాయితీగానే చెప్పవలసి వుంది. అయితే గాలిలో వాదించుకోవటం కంటే, ఆ ముఖచిత్రానికి జరిగినదేమిటో మొదటినుంచీ చెప్పటం మంచిదనుకుంటాను.

కథలోని మనిషి బీడీలు చేసే తల్లి. వయసు యాభై దాటింది. చిత్రకారుడైన ఒక మిత్రుడు కథ రెండుసార్లు చదివి పెన్సిలుతో ఒక బొమ్మ గీశాడు. గుమ్మం పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషి. ఒడిలో చాట. చాటలో తంబాకు, తడిపిన తునికాకులు, కత్తెర, ఆకు కొలతకు పెట్టుకునే రేకుముక్క, దారం. వీపు వంగి, మెడ ముందుకు సాగి, చూపంతా వేళ్ళమీదనే వుంది. ఆ వేళ్ళను చిత్రకారుడు వుండవలసినదానికంటే కొంచెం పొడుగ్గా, కణుపులు తేలేటట్టు గీశాడు. అది పొరపాటు కాదు. కథంతా ఆ వేళ్ళమీద నడుస్తుంది గనుక అలా గీశాడు.

ఈ బొమ్మకు తోడుగా ఒక ఫోటో తీసుకున్నాం. ఆ వాడకట్టులోనే బీడీలు చేసే ఒక పెద్దమ్మను అడిగి, ఆమె సరేనన్న తర్వాత, పొద్దుటిపూట గుమ్మంలోనుంచి పక్కవాటంగా వెలుతురు పడుతుండగా తీసిన ఫోటో అది. గీతబొమ్మనూ ఫోటోనూ కలిపి యంత్రానికిస్తే, గీతలోని మనిషి ఫోటోలోని వెలుతురులో నిజంగా కూర్చున్నట్టు వస్తుందని మా ఆశ.

వచ్చింది. చూసిన వాళ్ళందరూ "ప్రాణం వచ్చింది" అన్నారు. నిజంగా వచ్చిందేమిటి? ముప్పయ్యేళ్ళ స్త్రీ వచ్చింది. వంగిన వీపు నిటారైంది. చామనఛాయ గోధుమరంగైంది. పెదవులమీద చిరునవ్వొకటి మొలిచింది. చాట వెదురుబుట్టగా మారి, అందులో తంబాకు బదులు పసుపో మిరియాలో తెలియని పొడి నిండింది. చేతులు అందంగా ఒకదానిమీద ఒకటి ఆనుకుని వున్నాయి. అంటే ఆమె పని మానేసింది! బీడీ కార్మికురాలి బొమ్మలో యంత్రం మొట్టమొదట చెరిపివేసింది ఆమె శ్రమను. మన మిత్రులు వాస్తవికత అని చప్పట్లు కొట్టింది దీనికే.

ఇది ఎందుకు జరిగిందో తెలియకుండా యంత్రాన్ని తిట్టటం సులభం. దానివల్ల ఎవరికీ మేలు లేదు. యంత్రం పని చేసే తీరు ఇది: మనమిచ్చిన బొమ్మమీద అది మొదట చుక్కల మసక చల్లుతుంది. ఆ తర్వాత ఒక్కొక్క మెట్టుగా ఆ మసకను తుడుచుకుంటూ, తుడిచినచోట ఏముండి వుండవచ్చునో తాను ఇదివరకు చూసిన కోట్లాది బొమ్మలనుబట్టి ఊహించి నింపుతుంది. ఎంత మసక చల్లాలన్నది సున్నా నుంచి ఒకటి వరకు వుండే ఒక అంకెతో మనమే చెబుతాం. మొదటిసారి మేము 0.75 అని చెప్పాం. ముప్పయి మెట్ల పనిలో ఇరవై రెండు మెట్లు యంత్రం ఊహకే వదిలినట్టన్నమాట. అంత దట్టమైన మసకలో చిత్రకారుని గీతలు దాదాపు మునిగిపోయాయి. "ఒక స్త్రీ కూర్చుని వుంది" అన్నంతవరకే మిగిలింది. తక్కినదంతా యంత్రం తన జ్ఞాపకంలోనుంచి పూరించింది.

అయితే అంకె తగ్గిస్తే సరిపోదా? మేమూ అలాగే అనుకుని 0.35కు దించాం. ఈసారి వీపు వంగే వుంది, వేళ్ళు వేళ్ళుగానే వున్నాయి. కాని మనిషి రాలేదు. పెన్సిలు గీతలకు బూడిదరంగు చర్మం తొడిగినట్టు, కాగితపు గరుకుతో సహా వచ్చింది. ఇక్కడొక చిక్కును గ్రహించాలి. గీత యొక్క రూపమూ, కాగితం యొక్క రూపమూ రెండూ ఒకే అంకెకు కట్టివేసి వున్నాయి. కాగితాన్ని వదలాలంటే గీతనూ వదలాలి. గీతను నిలపాలంటే కాగితాన్నీ నిలపాలి. మధ్య అంకె ఎక్కడ పెట్టినా కొంత ఇటూ కొంత అటూ పోతుందేగాని, కావలసినది మాత్రం రాదు.

ఈ రెంటినీ విడదీయటమే అసలు పని. ఇది కొత్త సంగతీ కాదు. సినిమా బ్యానర్లు రాసిన చిత్రకారులకూ, చనిపోయినవారి చిన్న ఫోటోను పెద్దదిగా గీసిచ్చిన చిత్రకారులకూ ఇది బాగా తెలుసు. వారు ఫోటోమీద గళ్ళు కొట్టుకునేవారు. అన్నే గళ్ళు పెద్ద గుడ్డమీదో కాగితంమీదో కొట్టుకుని, ముందు గీతను ఒక్కొక్క గడి చొప్పున దించుకునేవారు. గీత సరిగ్గా కుదిరిందని నమ్మకం కుదిరిన తర్వాతనే వెలుగునీడలను తాకేవారు. రూపానికి ఒక లెక్క, వెలుగుకు మరొక లెక్క. ఒకదానిలోకి మరొకటి చొరబడితే బొమ్మ చెడుతుందని వారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది.

యంత్రంలో ఈ విభజన 2023లో వచ్చింది. ఆ సంవత్సరం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు కంట్రోల్‌నెట్ అనే పద్ధతిని ప్రకటించారు. ఇందులో గీతను మసకలో ముంచరు. గీత వేరే దారిన లోపలికి వెళ్ళి, ప్రతి మెట్టులోనూ "అంచు ఇక్కడ వుండాలి" అని యంత్రానికి గుర్తుచేస్తూ వుంటుంది. ఆ ఏడే వచ్చిన మరొక పద్ధతిలో, ఫోటో ఇంకొక దారిన వెళ్ళి, పోలికనూ వెలుగునూ రంగునూ సూచిస్తుంది. రెండు దారులకూ వేర్వేరు బరువులు పెట్టవచ్చు. కాబట్టి ఎవరి మాట ఎంత చెల్లాలన్నది ఇప్పుడు మన చేతిలో వుంది. మన చేతిలో వుంది గనుకనే బాధ్యత కూడా మనదే అయింది. "యంత్రం అలా చేసింది" అనే సాకు ఇక చెల్లదు.

మేము మళ్ళీ మొదలుపెట్టాం. మొట్టమొదట చేయవలసి వచ్చింది గీతబొమ్మను శుభ్రంగా మరొకసారి ఎత్తిరాయటం. చిత్రకారుడు నీడకోసం మెడకిందా చీరమీదా పెన్సిలుతో దగ్గరదగ్గరగా అడ్డగీతలు గీశాడు. మన కంటికవి నీడ. యంత్రానికి మాత్రం ప్రతి గీతా ఒక అంచే. మెడమీది అడ్డగీతలను అది తాళ్ళుగా చూసింది, చీరమీదివాటిని లెక్కలేనన్ని కుచ్చెళ్ళుగా చూసింది. అందువల్ల నీడగీతలన్నీ తీసివేసి, అంచులు మాత్రమే వుండే ప్రతిని చిత్రకారుని చేతనే గీయించాం. నీడ ఫోటో నుంచి వస్తుంది. దాని పని దానిది.

గీత బరువు 1 అని పెట్టి, పని చివరిదాకా దాన్ని పట్టి వుంచితే, వచ్చిన మనిషి చుట్టూ నల్లటి అంచు మిగిలింది. కనుక మొదటి డెబ్బై పాళ్ళ మెట్లవరకే గీతను నిలిపి, చివరి ముప్పై పాళ్ళలో వదిలాం. కూర్పు అప్పటికే స్థిరపడుతుంది. అంచు మాత్రం చర్మంలో కలిసిపోతుంది. ఫోటో బరువు మొదట 0.9 పెట్టాం. అప్పుడు వెలుతురుతోపాటు ఫోటోలోని తలుపుచెక్కా, గోడమీది క్యాలెండరూ, ఆ పెద్దమ్మ కట్టుకున్న చీరా కూడా బొమ్మలోకి వచ్చిపడ్డాయి. సగానికి దించితే వెలుగు నిలిచింది, సామాను పోయింది. ఈ అంకెలు శాసనాలు కావు. మరొక బొమ్మకు మరొక అంకె కావలసి వస్తుంది. ఏ అంకె పెంచితే ఏది చొరబడుతుందో చూడటం తెలిస్తే చాలు.

ఇంత చేసినా వేళ్ళు రాలేదు. ఒక చేతికి ఆరు వేళ్ళు, రెండో చేతిలో బీడీ బదులు ఏదో పుల్ల. దీనికి కారణం చాలా సామాన్యమైనది. స్టేబుల్ డిఫ్యూజన్ అనే యంత్రం మొదటి తరంలో పనిచేసే బొమ్మ 512 చుక్కల వెడల్పు, 512 చుక్కల ఎత్తు. కాని యంత్రం ఆ చుక్కలమీద నేరుగా పనిచేయదు. ఎనిమిదేసి చుక్కలను ఒక గడిగా కుదించుకుని, 64 గళ్ళ వెడల్పు, 64 గళ్ళ ఎత్తు వుండే పలకమీద పనిచేస్తుంది. మా బొమ్మలో మనిషి మొత్తం కనబడాలి గనుక చెయ్యి నలభై చుక్కల వెడల్పుకు మించలేదు. అంటే అయిదు గళ్ళు. అయిదు గళ్ళలో అయిదు వేళ్ళు, వాటి మధ్య సందులు, ఆకు, దారం! బీడీ మందం నాలుగు చుక్కలు, అంటే అర గడి. అర గడిలో వున్నదాన్ని యంత్రం చూడనేలేదు. చూడనిదాన్ని ఊహించింది.

విరుగుడు కూడా అంతే సామాన్యం. చేతులున్న వంద చుక్కల చదరాన్ని మాత్రం విడిగా కత్తిరించి, దాన్ని 512కు పెంచి, చిత్రకారుని చేత ఆ చేతులనే పెద్దగా మళ్ళీ గీయించి, ఆ చేతుల ఫోటోను దగ్గరగా తీసి, ఆ ముక్కను మాత్రమే మళ్ళీ చేయించి తిరిగి అతికించాం. ఇప్పుడు బీడీ రెండున్నర గళ్ళు. గొప్ప సంగతి కాదు, కాని అది బీడీ అని తెలుస్తుంది. తర్వాతి తరం యంత్రాలలో పలక పెద్దదైంది. కాని సూత్రం అదే: ఏ భాగానికి ఎక్కువ గళ్ళు ఇస్తావో అదే ముఖ్యమని నీవు చెప్పినట్టు. మామూలుగా ముఖానికే గళ్ళన్నీ ఇస్తారు. మేము చేతులకిచ్చాం. ఇది సాంకేతికమైన నిర్ణయమనుకుంటే పొరపాటు. బొమ్మలో ఎవరి పక్షాన నిలబడుతున్నామన్న ప్రశ్న ఇక్కడే తేలిపోతుంది.

ఇక మొదటిసారి వచ్చిన ఆ చిరునవ్వు సంగతి, ఆ తెల్లబడ్డ చర్మం సంగతి. అవి ఎక్కడనుంచి వచ్చాయి? స్టేబుల్ డిఫ్యూజన్ మొదటి తరానికి నేర్పిన బొమ్మలు ఇంటర్నెట్ మీదనుంచి పోగుచేసినవి. వాటికి తోడున్న మాటలు ప్రధానంగా ఇంగ్లీషు. అంతటితో ఆగలేదు. ఏ బొమ్మ జనానికి అందంగా తోస్తుందో అంచనా కట్టే మరొక యంత్రంచేత మార్కులు వేయించి, పదికి అయిదుకు పైన వచ్చినవాటితో దానికి మళ్ళీ సానపట్టారు. ఇది ఎవరో దాచిపెట్టిన రహస్యం కాదు, తయారుచేసినవారే ప్రకటించిన సంగతి. యాభై దాటిన బీడీ కార్మికురాలు తల వంచుకుని పనిచేసుకుంటూ వుంటే ఆ పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకుంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు. "భారతదేశపు పల్లెటూరి స్త్రీ, నిజమైన ఫోటోలాగా" అని మనం మాటల్లో అడిగినప్పుడు, ఆ మాటలకు అంటుకుని వున్నది మల్లాపూర్ పల్లె కాదు. యాత్రికుల కెమెరాలూ, అమ్మకానికి పెట్టిన ఫోటోల అంగళ్ళూ చూసిన పల్లె. గీతను వదిలి మాటలమీద ఆధారపడ్డకొద్దీ ఆ పల్లే వస్తుంది. అందుకే మేము మాటలను వీలైనంత తగ్గించి, వయసు, చర్మం, చేసే పని, పనిముట్ల ఆకారం మాత్రమే చెప్పి, తక్కిన భారమంతా గీతమీదా ఫోటోమీదా వేశాం.

ఇక్కడికి వస్తే మిత్రుల అసలు ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కంటికి నిజంలా కనిపించటం వేరు, వాస్తవికత వేరు. చర్మం మీది రంధ్రాలను లెక్కపెట్టి చూపటం వాస్తవికత అయితే, పోలీసు ఠాణాలోని ఫోటోలన్నీ మహాకళాఖండాలు కావలసి వుంటుంది. వాస్తవికత అంటే ఏది ముఖ్యమో ఏరుకోవటం. ఆనాటి కరీంనగరు జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గీసిన తెలంగాణా స్త్రీలను చూడండి. నల్లని మేను, పెద్ద బొట్టు, చదునుగా పూసిన రంగులు. వెలుగునీడల గారడీ వాటిలో లేదు. ఫోటోతో పోల్చి చూస్తే అందులో ఒక్క కొలతా నిలవదు. కాని ఆ స్త్రీలు మన వూరివాళ్ళని మనం చూడగానే గుర్తుపడతాం. అటువంటి గీతను "నిజం" చేయమని యంత్రానికిస్తే అది మొదట సరిచేసేది చిత్రకారుడు కావాలని చేసిన అతిశయాన్నే. మా మిత్రుడు పొడుగ్గా గీసిన వేళ్ళను కూడా యంత్రం పదేపదే పొట్టివి చేసింది. దాని దృష్టిలో అది తప్పు దిద్దటం. మన దృష్టిలో కథనే కొట్టివేయటం.

కెమెరా వచ్చినప్పుడూ చిత్రకారులు ఇలాగే గోలపెట్టారనీ, తర్వాత సర్దుకున్నారనీ కొందరు గుర్తుచేస్తారు. పోలిక సరికాదు. కెమెరా ఎదుట ఒక మనిషి నిలబడి తీరాలి. ఈ యంత్రం ఎదుట ఎవరూ నిలబడనక్కరలేదు. ఎవరూ లేనిచోట అది సగటు మనిషిని నిలబెడుతుంది. చిన్న పత్రికలు చిత్రకారునికి డబ్బివ్వలేవన్న వాదం దీనికంటే బలమైనది. దాన్ని నేను కొట్టిపారేయను. కాని మా లెక్క చూడండి. చిత్రకారుడు మొదటి బొమ్మ గీశాడు, శుభ్రమైన ప్రతి గీశాడు, చేతులను పెద్దగా మళ్ళీ గీశాడు, వచ్చిన ప్రతి రూపాన్నీ చూసి తప్పులు పట్టాడు. మంచి ఫలితం కావలసినచోట చిత్రకారుని పని తగ్గలేదు, పెరిగింది. అతనికి డబ్బు ఎగవేసి సంపాదించేది ఆ మొదటి నవ్వుముఖమే.

మరొక సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది. ఫోటో బరువు పెంచినకొద్దీ బొమ్మలోని ముఖం ఫోటో ఇచ్చిన పెద్దమ్మ ముఖానికి దగ్గరైంది. ఎంత నిజంగా వుందో అని మేము మురిసిపోయాం. తర్వాత కథ గుర్తొచ్చింది. కథలోని తల్లి అప్పు తీర్చలేక సంఘంవాళ్ళకు ముఖం చాటేస్తుంది. పుస్తకం వూళ్ళోకి వస్తుంది. ఆ ముఖాన్ని అందరూ గుర్తుపడతారు. కథ కల్పితమని ముందుమాటలో ఎంత రాసినా, అప్పు ఎగ్గొట్టిన మనిషి ఆమే అవుతుంది. ఫోటో తీసుకొమ్మన్న మనిషి తన బ్రతుకును ఇంకొకరి కథలోకి రాసుకొమ్మనలేదు గదా! గీతబొమ్మతో ఈ ప్రమాదం లేదు. గీత ఎవరినో కాదు, అందరినీ చూపుతుంది. నిజంలాంటి బొమ్మ ఎవరో ఒకరినే చూపుతుంది. కాబట్టి ఆమె ఫోటోనుంచి వెలుగూ కూర్చునే తీరూ మాత్రమే తీసుకున్నాం. ముఖాన్ని గీతలోనిదానికే వదిలాం. ముఖం వరకు ఫోటో దారిని పూర్తిగా మూసివేశాం.

చివరకు అయిన బొమ్మను ఎవరికి చూపాలి? సాహిత్యమిత్రులకు చూపితే మళ్ళీ ప్రాణం వచ్చిందంటారు. కనుక ఆ పెద్దమ్మకే చూపాం. మొదటిసారి వచ్చిన నవ్వుముఖాన్ని కూడా పక్కన పెట్టాం. నవ్వుముఖాన్ని చూసి ఆమె, "ఏంది బిడ్డా గిది? గీమె బీడీలు చేస్తదా? గా చేతులు సూడు, ఎన్నడన్న ఆకు పట్టినయా? దారమేది?" అన్నది. రెండో బొమ్మను చాలాసేపు చూసి, "చాట మంచిగున్నది. ఆకులు ఎండిపోయినట్టున్నయి గదా, తడిపిన ఆకు గట్లుండదు" అన్నది.

ఆమె చెప్పింది నిజం. తడి ఆకు మెత్తగా వాలుతుంది, దానిమీద వెలుగు వేరుగా పడుతుంది. మా అందరి కళ్ళకూ అందని తప్పు అది. ఆ ముక్కను కత్తిరించి, తడి ఆకుల ఫోటో తీసి మళ్ళీ చేయించాం. పుస్తకం అట్టమీద మాత్రం చిత్రకారుని గీతనే వుంచాం. యంత్రం సాయంతో చేసిన బొమ్మను లోపలిపేజీలో, గీత పక్కనే, ఎలా చేసిందో రెండు మాటల్లో రాసి అచ్చువేశాం. నిజంలాంటి బొమ్మ కావాలనేవారు దాన్ని కూడా చూసుకోవచ్చు. కాని అది నిజమో కాదో తేల్చే హక్కు బొమ్మను చూసి మురిసేవారిది కాదు. ఆ పని చేసే చేతులది.